పాత సారాంశంలో ఇప్పుడు పేజీ నెంబర్లు చేర్చవచ్చా?

ప్రశ్న: కంపెనీల ఒప్పందాలు చదివి ముఖ్యాంశాలు రాసిచ్చే పని సొంతంగా చేస్తున్నాను. ఒక కంపెనీ భవనం అద్దె ఒప్పందం సారాంశాన్ని జూన్ 10న ఇచ్చాను. డిసెంబర్ 31తో గడువు ముగుస్తుంది, వద్దనుకుంటే 90 రోజుల ముందు నోటీసివ్వాలి అని రాశాను. వాళ్ల మేనేజరు చూసి సరేనన్నారు. సెప్టెంబర్ 28న నోటీసిస్తే, సవరణ ఒప్పందంలో 180 రోజులని ఉందంటూ యజమాని తిరస్కరించారు. ఒప్పందం మరో మూడేళ్లకు పొడిగింపైపోయింది. నష్టం నన్ను కట్టమంటున్నారు. ఎక్కడా పేజీ, క్లాజు నెంబర్లు వేయలేదన్నది వాళ్ల ప్రధాన ఫిర్యాదు. రాత్రులు మేలుకొని చేసిన పని ఇది, ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. ఆ నెంబర్లు చేర్చి పాత తేదీతోనే మళ్లీ పంపితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు, పంపకండి. ఎందుకో తర్వాత చెబుతాను. మీ ఉత్తరమంతా చదివాక నాకు కావలసిన ఒక్క విషయం అందులో కనిపించలేదు: ఆ సవరణ ఒప్పందం జూన్ 10కి ముందు మీ చేతికి వచ్చిందా, లేదా?

కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది. రాలేదంటే, మీకిచ్చిన కాగితాల్లో ఉన్నది మీరు సరిగ్గానే రాశారు. ఇవ్వని కాగితం చదవలేదని మిమ్మల్ని తప్పుపట్టడం కష్టం. వచ్చిందంటే, చదవకుండా వదిలేశారన్న మాట. అప్పుడు తేదీలు కూడా మీకు కలిసిరావు. డిసెంబర్ 31కి 180 రోజుల ముందంటే జూలై 4. మీరు సారాంశమిచ్చింది జూన్ 10న. సరైన సంఖ్య రాసి ఉంటే నోటీసివ్వడానికి వాళ్లకు ఇంకా 24 రోజులుండేవి. అదే మీరు జూలై 10న ఇచ్చి ఉంటే, తప్పు రాసినా ఒప్పు రాసినా గడువు ముందే దాటిపోయింది కాబట్టి నష్టం మీ వల్ల కాదని వాదించే వీలుండేది. ఆ దారి మీకు లేదు.

మేనేజరు సరేనన్నారు కదా అన్న ధీమా పెట్టుకోకండి. ‘నోటీసు: 90 రోజులు’ అని మాత్రమే రాసి ఉన్న కాగితాన్ని ఆయన ఎలా సరిచూస్తారు? ఒప్పందం మొత్తం మళ్లీ చదవాలి. ఆ శ్రమ తప్పించుకోవడానికేగా మీకు డబ్బిచ్చింది! కాబట్టి ఆయన సరేనన్నది మీ మీద నమ్మకంతో అన్నదే తప్ప సరిచూసి అన్నది కాదని అవతలి లాయరు నిమిషంలో తేల్చేస్తాడు.

అదే మీరు ఇలా రాసి ఉంటే? ‘నోటీసు 90 రోజులు. మూల ఒప్పందం, క్లాజు 14.2, ముద్రిత పేజీ 41, పీడీఎఫ్ పేజీ 47. సవరణలు ఏవీ అందలేదు.’ సవరణ ఉందని తెలిసిన మనిషి ఈ ఒక్క వరుస చూడగానే ఆగిపోతాడు. అది మూల ఒప్పందం నుంచి తీసిన సంఖ్య అని పేజీ తెరవకుండానే తెలుస్తుంది. అయినా సరేనంటే బాధ్యతలో వాటా ఆయనకూ ఉందని చెప్పుకోవచ్చు. నెంబరు వేయకపోవడం వల్ల మీరు పోగొట్టుకున్నది ఈ రక్షణ. వృత్తిగా ఈ పని చేస్తూ ఇంత చిన్న జాగ్రత్త తీసుకోకపోవడం అజాగ్రత్తే. దీనికి వేరే పేరు పెట్టలేను.

పేజీ నెంబర్లు రెండెందుకంటే, ముఖచిత్రం, విషయసూచిక కలిసి పీడీఎఫ్ లెక్కను కొన్ని పేజీలు ముందుకు జరుపుతాయి. ఒకటే రాస్తే చూసేవాళ్లు వేరే పేజీకి వెళ్లి, అక్కడ నోటీసు మాటే లేదని మీ మీద అనుమానపడతారు. వర్డ్ ఫైలులో పేజీలను అసలు నమ్మకండి, కంప్యూటరు మారితే పేజీ మారవచ్చు. సంతకాలైన పీడీఎఫ్‌నే ఆధారంగా తీసుకుని దాని ఫైలు పేరు కూడా రాయండి. చిత్తు ప్రతిలో 14.2గా ఉన్న క్లాజు, మధ్యలో ఒకటి చేర్చితే సంతకాల ప్రతిలో 15.2 అయి కూర్చుంటుంది. అనుబంధాలకు సొంత నెంబర్లుంటాయి కనుక ‘2వ పేరా’ అంటే చాలదు, ఏ అనుబంధంలోదో చెప్పాలి.

ఒక అంశం రెండు మూడు చోట్ల మీద ఆధారపడితే అన్నీ రాయాలి. 14.2లో ‘నోటీసు కాలం’ అని ఉండి, ఆ మాటకు అర్థం 1.1లో ఉంటే, రెండూ కలిస్తేనే 90 రోజులు. పక్కన అసలు వాక్యంలోని ఐదారు మాటలు ఉన్నదున్నట్టు దింపండి. నెంబరు తప్పుపడినా ఆ మాటలతో వెతికి పట్టుకోవచ్చు. స్కాన్ చేసిన ఫైలైతే వెతుకులాటలో దొరికిన అక్షరాలను కాక బొమ్మలోని అంకెను కళ్లతో చూడండి. 3ని 8గా చదివే సాఫ్ట్‌వేర్లను నేను చూశాను. ‘అలాంటి క్లాజు లేదు’ అని రాసేటప్పుడు ఏ ఫైల్లో, ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు చూశారో రాయండి. చదవకుండా అంచనాగా వేసిన నెంబరు మాత్రం నెంబరు లేకపోవడం కంటే ప్రమాదం. దాన్ని చూసి అవతలి మనిషి సరిచూడటమే మానేస్తాడు.

ఇక మీ ఆలోచన. జూన్ 10న పంపిన ప్రతి వాళ్ల ఈమెయిల్లో అలాగే ఉంది. మీరు మార్చిన ఫైలులో మార్చిన తేదీ నమోదై ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే అజాగ్రత్త కాస్తా సాక్ష్యం తారుమారు అవుతుంది. అజాగ్రత్తకైతే డబ్బుతో పోవచ్చు. తారుమారు చేశారని తేలితే మీరు చెప్పే నిజం కూడా ఎవరూ నమ్మరు. పాత ఫైలును తెరిచి సేవ్ కూడా చేయకండి.

చేయవలసింది ఇది. వాళ్ల నుంచి వచ్చిన ఈమెయిళ్లన్నీ అటాచ్‌మెంట్లతో సహా ప్రత్యేకంగా భద్రపరచి, ఏ ఫైలు ఏ రోజు వచ్చిందో ఒక పట్టిక రాయండి. సవరణ ఉందో లేదో అక్కడే తేలుతుంది. మూల ఒప్పందంలో ‘సవరణలతో సహా’ లాంటి మాట ఉందేమో కూడా చూడండి. ఉంటే, సవరణలున్నాయేమో అడగవలసింది కదా అని మిమ్మల్ని నిలదీస్తారు. నెంబర్లతో వివరణ ఇవ్వదలిస్తే ఈనాటి తేదీతో, ‘తర్వాత తయారుచేసిన వివరణ’ అని పైన రాసి, వేరే పత్రంగా లాయరు చేత పంపించండి. క్షమించమంటూ మీరు సొంతంగా ఉత్తరం రాయకండి, అది ఒప్పుకోలుగా చదువుతారు.

వాళ్లతో మీకున్న పని ఒప్పందం తీసి, పరిహారానికి పరిమితి, దావా నోటీసుకు గడువు ఉన్నాయేమో వెతకండి. కాలపరిమితి సారాంశమిచ్చిన రోజు నుంచా, నోటీసు గడువు పోయిన రోజు నుంచా, తప్పు బయటపడిన రోజు నుంచా అన్నది మీకు వర్తించే చట్టాన్ని బట్టి ఉంటుంది. వాళ్ల దావాకు కాలం మించిపోయిందని మీ అంతట మీరు అనుకోకండి. వృత్తి బాధ్యత బీమా ఉంటే ఈ వారంలోనే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. ఆలస్యంగా చెప్పారన్న సాకుతో చేతులెత్తేసే పాలసీలు చాలా ఉన్నాయి.