స్లడ్జ్‌కి గేర్ పంపు వద్దండి

"ఈటీపీలో మురుగునీరు శుద్ధి చేశాక మిగిలే స్లడ్జ్‌ని, నీళ్ళు పిండేసే ఫిల్టర్ ప్రెస్‌కి సెంట్రిఫ్యూగల్ పంపుతో కొడుతున్నాం. పల్చగా ఉంటే వస్తుంది, చిక్కబడితే ఆగిపోతోంది. గేర్ పంపు కొనమంటున్నారు, కొనొచ్చా?"

కొనకండి సార్. గేర్ పంపులో పళ్ళకీ బాడీకీ మధ్య గ్యాప్ చాలా సన్నగా ఉంటుంది, ఫర్నేస్ ఆయిల్ లాంటి శుభ్రమైన చిక్కటి నూనెకి అదే బలం, కానీ మీ స్లడ్జ్‌లో ఇసుక ఉంటుంది కదా, అది ఆ గ్యాప్‌ని అరగదీసేస్తుంది, ఆ తర్వాత తిరుగుతుంది గానీ ప్రెషర్ రాదు.

సెంట్రిఫ్యూగల్ ఎందుకు ఆగుతోందంటే అది ద్రవాన్ని స్పీడ్‌తో విసురుతుంది, చిక్కబడితే ఆ శక్తంతా లోపల రాపిడికే పోతుంది, పైగా ప్రెస్‌లో నీళ్ళు పోగా మిగిలే కేక్ గట్టిపడేకొద్దీ ఎదురు ప్రెషర్ పెరుగుతుంది. పెద్ద మోటార్ వేసినా దండగే.

మీకు సరిపోయేవి రెండే. రోజుకి ఒకటి రెండు బ్యాచ్‌లే అయితే గాలితో నడిచే డయాఫ్రమ్ పంపు తీసుకోండి. ప్రెస్ నిండాక దానంతట అదే ఆగుతుంది, గాలి లైన్‌లో 6 బార్ ఉంటే అంతకు మించి ప్రెషర్ ఎక్కదు, ఖాళీగా తిరిగినా వెంటనే పాడవదు. కాకపోతే కంప్రెసర్ కరెంటు బాగా తింటుంది.

రోజంతా నడిపేదైతే స్క్రూ పంపు, అంటే రబ్బరు స్టేటర్ ఉండే రకం. మామూలు సింగిల్ స్టేజ్ సుమారు 6 బార్ దాకానే, అందుకే మీ ప్రెస్‌కి ఎంత కావాలో చూసి టూ స్టేజ్ అడగండి, ఆర్పీఎం తక్కువ పెట్టించండి. ప్రెషర్ స్విచ్, డ్రై రన్ ప్రొటెక్షన్ తప్పనిసరి, స్లడ్జ్ లేకుండా కొద్ది నిమిషాలు తిరిగినా రబ్బరు కాలిపోతుంది.