అన్నీ తెలిసిన పిల్లవాడు పసుపు లైటు దగ్గర ఎందుకు ఆగడు?

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే మంచిచెడ్డలు నాకంటే బాగా చెబుతాడు. స్నేహితులతో బయటికి వెళితే అవన్నీ ఎటు పోతాయో తెలియదు. మెదడు ముందుభాగం ఇంకా ఎదగలేదని డాక్టరు గారన్నారు. మరి ఈ కోపాలు, ఈ ఉత్సాహం మాత్రం ముందే ఎలా ఎదిగాయి?

జవాబు:

నేను బెంగళూరులో పీయూసీ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఈ పాఠం చాలా ఏళ్లుగా చెబుతున్నా, నాకు అది ఒంటబట్టింది మాత్రం మావాడు పదో తరగతిలో ఉండగా వచ్చిన ఒక ఆదివారం నాడు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర టీవీలో ఏదో రోడ్డు ప్రమాదం చూపిస్తుంటే వాడే అన్నాడు: "హెల్మెట్ లేదు, బండి మీద ముగ్గురు. పడకుండా ఎలా ఉంటారు?" అదే సాయంత్రం వాడు మా ఆయన స్కూటరు తాళం జేబులో వేసుకుని, ఇద్దరు స్నేహితులను వెనక కూర్చోబెట్టుకుని, హెల్మెట్ లేకుండా మారతహళ్లి వైపు వెళ్లాడు. ఒక సిగ్నల్ దగ్గర పసుపు లైటు పడింది. ఆగలేదు. పక్కనుంచి ఆటో రావడంతో బండిని తిప్పేసి డివైడర్‌కు కొట్టుకుని పడ్డారు. దేవుడి దయ వల్ల మోచేతులు గీసుకుపోవడం, అద్దం పగలడంతో పోయింది. 18 ఏళ్లు నిండని పిల్లలు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉంటాయని 2019లో చట్టం మార్చారు. ఆ సంగతి మా ఆయనకు ఆ రాత్రే తెలిసింది.

మర్నాడు తిట్టడం అయ్యాక (తిట్టాను, లేదనను) నెమ్మదిగా అడిగాను, సరిగ్గా ఆ క్షణంలో ఏం జరిగిందని. "పసుపు పడింది. వెనకనుంచి పోనీ, పోనీ అన్నారు. ఆపుదామని అనుకునేసరికి సగం దాటేశానమ్మా" అన్నాడు. మధ్యాహ్నం తాను చెప్పిన మాట గుర్తు రాలేదా అంటే, అసలు గుర్తే లేదన్నాడు. అబద్ధమాడుతున్నాడని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అనుకోను.

ఎందుకంటే అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంచుమించు ఇదే పరిస్థితిని ప్రయోగంగా చేసి 2011లో ప్రచురించారు. కంప్యూటరులో కారు నడిపే ఆట. దారి పొడుగునా సిగ్నళ్లు, పసుపు లైట్లు. ఆగితే కొంత సమయం పోతుంది, ఆగకుండా దాటేస్తే కలిసి వస్తుంది, గుద్దుకుంటే ఇంకా ఎక్కువ సమయం పోతుంది. 14 నుంచి 18 ఏళ్ల పిల్లలు, 19 నుంచి 22 ఏళ్ల వాళ్లు, 24 దాటిన పెద్దలు స్కానర్‌లో పడుకుని ఆడారు. ఒంటరిగా ఒకసారి, పక్క గదిలోంచి స్నేహితులు చూస్తున్నారని తెలిసి మరోసారి. పెద్దల ఆటలో తేడా రాలేదు. చిన్నవాళ్లు మాత్రం స్నేహితులు చూస్తున్నప్పుడు ఎక్కువ సిగ్నళ్లు దాటేశారు, ఎక్కువసార్లు గుద్దుకున్నారు. అదే సమయంలో వాళ్ల మెదడు లోతున ఉండే స్ట్రయేటం అనే భాగం చురుకెక్కింది. ఏదైనా లాభమో, ఆనందమో, మెప్పో దొరకబోతోందంటే ముందు పసిగట్టేది అదే. అంటే స్నేహితుల చూపు వల్ల ప్రమాదం చిన్నదిగా కనిపించిందని కాదు, మెప్పు పెద్దదిగా కనిపించిందని నాకు అర్థమైంది.

ఇక మీ సందేహానికి వస్తాను. భావోద్వేగాల భాగాలు ముందే పూర్తిగా ఎదిగిపోయాయనడం సరికాదు. అవీ మారుతూనే ఉంటాయి. అయితే వాటిని కదిలించేది యుక్తవయసు హార్మోన్లు. పదీ పన్నెండేళ్ల ప్రాంతంలో ఆ హార్మోన్లు మొదలవగానే స్ట్రయేటం, భయాన్నీ కోపాన్నీ రేపే అమిగ్డలా మునుపటికన్నా సులువుగా, గట్టిగా స్పందించడం మొదలుపెడతాయి. నుదుటి వెనక ఉన్న ప్రిఫ్రంటల్ కార్టెక్స్ మాత్రం హార్మోన్ల కబురు అందగానే పరుగెత్తదు. అది ప్రధానంగా వయసునూ అనుభవాన్నీ బట్టి నెమ్మదిగా నడిచే గడియారం. రెండు గడియారాల మధ్య ఎడం బాగా కనిపించేది మీ అబ్బాయి వయసులోనే.

ప్రిఫ్రంటల్ కార్టెక్స్‌లో జరిగే పని రెండు రకాలు. చిక్కబళ్లాపురం వైపు ద్రాక్షతోటలు చూసే ఉంటారు. తీగలు విచ్చలవిడిగా అల్లుకున్నాక కత్తిరిస్తేనే కాపు వస్తుంది. మెదడు కూడా ముందు అవసరానికి మించి న్యూరాన్లనే తన కణాల మధ్య కలయికలు పెట్టుకుని, వాడనివి తీసేస్తుంది. చూపుకు, కదలికకు సంబంధించిన భాగాల్లో ఈ కత్తిరింపు చిన్నప్పుడే చాలావరకు అయిపోతుంది. ఒకే పిల్లలను ఏళ్ల తరబడి ఎమ్మారై తీస్తూ వెళ్లిన అమెరికా శాస్త్రవేత్తలు 2004లో చూపించిన క్రమం కూడా ఇదే. చూపు, కదలిక వంటి మూల పనుల భాగాలు ముందు పక్వమవుతాయి, ప్రిఫ్రంటల్ కార్టెక్స్ ఆఖరి వాటిలో ఒకటి. రెండో పని, న్యూరాన్ల నుంచి కబురు మోసే తీగలకు మైలిన్ అనే కొవ్వు పొర చుట్టడం. పొర లేని తీగలో కబురు కాలిబాట మీద నడుస్తుంది, పొర ఉన్నదానిలో తారు రోడ్డు మీద పరుగెడుతుంది. ముందుభాగాన్ని లోపలి భాగాలతో కలిపే దారులకు ఈ పని ఇరవైల్లోకి కూడా సాగుతుంది. "అనుకునేసరికి సగం దాటేశాను" అన్న మావాడి మాట విన్నప్పుడు నాకు ఈ దారులే గుర్తొచ్చాయి.

అది ఆఖరున ఎదగడానికీ ఒక అర్థం ఉందంటారు. ప్రిఫ్రంటల్ కార్టెక్స్‌కు వచ్చేదంతా మిగతా భాగాలు వండి పంపే సమాచారం. వంట సగంలో ఉండగానే అది తన తీగలు బిగించేసుకుంటే తప్పుగా బిగుస్తాయి. పైగా ఎవరితో ఎలా మసలాలి, ఏది ఎప్పుడు మానుకోవాలి అన్నవి పుట్టిన ఊరినీ కాలాన్నీ బట్టి మారతాయి కనుక, చాలాకాలం నేర్చుకునే స్థితిలో ఉండడమే దానికి మేలు.

అందుకే "బ్రేకు లేని బండి" అనే పోలిక నాకు నచ్చదు. బ్రేకు ఉంది. తీరిగ్గా ఆలోచించే పరీక్షలు పెడితే పదహారేళ్ల పిల్లలు ఇంచుమించు పెద్దల్లాగే నెగ్గుకొస్తారు. ఉద్వేగం, తోటివాళ్లు, తొందర, ఈ మూడూ కలిసినప్పుడే జారుతుంది. ఇరవై అయిదో పుట్టినరోజుకు మెదడు పూర్తవుతుందన్న మాట కూడా నమ్మకండి. అలాంటి గీత ఏదీ లేదు, పిల్లవాడికీ పిల్లవాడికీ ఏళ్ల తేడా ఉంటుంది.

ఇది తెలిశాక మా ఇంట్లో మారింది ఒక్కటే. ఆ క్షణంలో వాడు ఆలోచిస్తాడని ఆశపడటం మానేసి, ఆలోచన ముందే చేసి పెట్టుకున్నాం. తాళం బీరువాలోకి వెళ్లింది. ఎవరైనా బండెక్కమంటే చెప్పాల్సిన సాకు వాడే ఎంచుకున్నాడు: "మా నాన్న ఇప్పుడు ఫోన్ చేస్తాడు, చంపేస్తాడు." మాకు వాట్సాప్‌లో ఒక చుక్క పెడితే చాలు, వెంటనే ఫోన్ చేసి అందరికీ వినిపించేలా కేకలేసి ఇంటికి రమ్మంటాం. తర్వాత ప్రశ్నలు అడగం. స్నేహితుల ముందు మెప్పు పోకుండా తప్పుకునే దారి అది, వాడికి కావలసిందీ అదే. దాన్ని నాలుగైదు సార్లు ఇంట్లో నటించి చూశాం, నవ్వుకుంటూనే.

అయితే కొన్నింటిని వయసు ఖాతాలో వేయకండి. వారాల తరబడి నిద్ర లేకపోవడం, స్నేహితులనే వదిలేయడం, చచ్చిపోతానన్న మాట, ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. మన ఊళ్లో నిమ్హాన్స్‌లో పిల్లలకు, కౌమారంలో ఉన్నవాళ్లకు ప్రత్యేక విభాగమే ఉంది.

ఏడాదిలో ఆ చుక్క మూడుసార్లు వచ్చింది. నాలుగోసారి రావాల్సింది, రాలేదు. అర్ధరాత్రి ఎవరి కారులోనో నంది కొండకు వెళ్లొచ్చామని వారం తర్వాత వాడే చెప్పాడు. మా ఆయన ఆ రాత్రి మళ్లీ చట్టం చదువుకున్నారు.