ఎనిమిదో బోరు కథ రాసిన తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అనంతపురం జిల్లా రైతు, ఐదెకరాల చేను, వరుసగా ఏడు బోర్లు ఫెయిలవడం, ఎనిమిదోది 620 అడుగుల దగ్గర పడటం, ఇప్పుడు చీనీ తోట. రాత్రంతా రిగ్గు దగ్గర నిలబడ్డ ఆయన భార్య, తెల్లటి బండ దుమ్ము ఆగిపోయి తడి మట్టి పైకి చిమ్మగానే కొంగుతో కళ్లు ఒత్తుకున్న చోటు చాలా బాగుంది. దాన్ని కదిలించకు. నా పేచీ అంతా చివరి వాక్యంతోనే. “పట్టు వదలని రైతుకు నేలతల్లి నీళ్లిచ్చి తీరుతుంది” అని రాశావు. ఆ మాట అనడానికి నీ దగ్గర ఆధారం లేదు.

ఇలాంటి వాక్యమే నేనూ ఒకప్పుడు ఒక పత్రికలో రాశాను. రెండేళ్ల తర్వాత వేరే పని మీద ఆ ఊరికి వెళ్తే ఒకాయన నన్ను గుర్తుపట్టి ఇంట్లోకి తీసుకెళ్లాడు. గోడకు నా వ్యాసం అంటించి ఉంది. అది చదివాకే ఇంకో మూడు బోర్లు వేయించానని, నీళ్లు పడలేదని, ఎకరం అమ్మానని చెప్పాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, టీ పెట్టించాడు. ఆ టీ తాగుతూ కూర్చున్న అరగంట నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ఒక చిన్న లెక్క చూడు. ఒక్కో బోరుకు నీళ్లు పడే అవకాశం నాలుగింట ఒకటి అనుకుందాం. ఇది అనుకున్న అంకె మాత్రమే. వంద మంది రైతులు నీళ్లు పడేదాకా వేస్తూ పోతే, ఏడు బోర్లు ఫెయిలయ్యేసరికి మిగిలేది దాదాపు పదమూడు మంది. వాళ్లలో ఎనిమిదో బోరు పడేది ముగ్గురికి. నువ్వు కలిసింది ఆ ముగ్గురిలో ఒకరిని. మిగతా పది మందీ ఆయనంత పట్టుదలతోనే ఎనిమిది బోర్లూ వేశారు, ఆయనంత అప్పూ చేశారు. నీళ్లు పడ్డ మిగతా ఎనభై ఏడు మందికి ఏడు లోపే పడ్డాయి కాబట్టి వాళ్లకు అంత పట్టుదల అవసరమే రాలేదు. అంటే నీ దగ్గరున్న ఒక్క కథతో పట్టుదలకూ నీళ్లకూ సంబంధం ఉందని గానీ లేదని గానీ చెప్పలేం.

నిజం చేలో పరిస్థితి ఈ లెక్క కన్నా కష్టం. అక్కడ కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు పైనున్న మెత్తబడిన పొరలోనూ, దాని కింద బండ పగుళ్లలోనూ ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లు అరుదవుతాయి. ఐదెకరాల్లో వేసే ఎనిమిది బోర్లూ దాదాపు ఒకే బండలోకి దిగుతాయి. కాబట్టి మొదటి నాలుగూ ఎండు దుమ్మే చిమ్మాయంటే, ఆ చేను కింద పగుళ్లు లేవేమో అన్న అనుమానం బలపడుతుంది, ఐదోదానికి ఆశ తగ్గుతుంది. “ఇన్నిసార్లు పోయింది కదా, ఈసారి పడుతుంది” అని రైతు అనుకునేది దీనికి సరిగ్గా ఎదురు.

మరి ఆ పది మంది నీకెందుకు కనపడలేదు? ఫెయిలైన బోరు ఏమవుతుందో ఎప్పుడైనా దగ్గరుండి చూశావా? కేసింగ్ పైపును పైకి లాగి తర్వాతి బోరుకు వాడుకుంటారు. గుంత మీద ఒక బండ పెట్టి మట్టి కప్పుతారు, మరుసటి వానలకు దాని మీదే దున్నేస్తారు. పడిన బోరుకు మోటారు, స్టార్టరు పెట్టె, కరెంటు స్తంభం ఉంటాయి. దాన్ని రోడ్డు మీద నుంచే ఫొటో తీయొచ్చు. కరెంటు కనెక్షన్ల లెక్క తీసుకున్నా అందులో ఉండేది నీళ్లు పడినవే. ఓడిన రైతేమో బెంగళూరులో ఏ అపార్టుమెంటుకో వాచ్‌మన్‌గా ఉంటాడు, ఊళ్లో నీకు ఎదురుపడడు. కొబ్బరికాయ పట్టుకుని పాయింట్ పెట్టే ఆయన పేరు కూడా ఇలాగే పెరుగుతుంది. పడినవాళ్లు ఆయన్ని పదిమందికి చెబుతారు. పడనివాళ్లు తమ రాత అనుకుని ఊరుకుంటారు.

కాబట్టి మళ్లీ వెళ్లు. ఈసారి ఆ రైతు ఇంటికి కాదు. రిగ్గు ఏజెంటు దగ్గర కూర్చో. మోటార్లు రిపేరు చేసే మెకానిక్‌ని అడుగు. ఊళ్లో ఏ మోటారు ఏ వేసవిలో ఒట్టి గాలి లాగిందో అతనికి తెలిసినంతగా ఆఫీసులకు తెలియదు. 2002 నాటి వాల్టా చట్టం కింద బోరుకు అనుమతి కావాలి గనుక మండల ఆఫీసులో కొన్ని కాగితాలు దొరకొచ్చు, కానీ అనుమతి లేకుండా వేసినవి వాటిలో ఉండవు. “ఐదు కన్నా ఎక్కువ వేసినవాళ్లు ఎవరు?” అని అడిగి పేర్లు రాసుకో. నీళ్లు పడ్డాయా అన్నది తర్వాత అడుగు. ముందే అడిగితే పడినవాళ్ల పేర్లే చెబుతారు.

ఆ జాబితాను బట్టి నీ చివరి వాక్యం మారాలి. ఏడు ఫెయిలయ్యాక కూడా వేసినవాళ్లలో ఎక్కువమందికి ఎనిమిదోదో తొమ్మిదోదో పడి ఉంటే నీ మాటకు బలం వస్తుంది, నేను వెనక్కి తగ్గుతాను. పడినవాళ్ల చేలన్నీ వంక పక్కనో చెరువు కిందో ఉంటే, నువ్వు రాయాల్సింది నేల గురించి. రెండు బోర్లతో ఆపేసి వేరుశనగ, గొర్రెలతో సర్దుకున్నవాళ్లు అప్పు లేకుండా ఉంటే, ఆపడమే తెలివైన పని అయి ఉండొచ్చు. వాళ్ల ఇంటికి మనలాంటివాళ్లం ఎవరం వెళ్లం. నువ్వు వెళ్లు.

ఇంకో సంగతి అడగడం మర్చిపోకు, నాకు అన్నిటికన్నా భయం అదే. 620 అడుగుల బోరు పడ్డాక చుట్టుపక్కల బోర్లకు ఏమైంది? పక్క చేలో మోటారు ఆ తర్వాతి వేసవిలోనే ఆగిపోయి ఉంటే, ఈయన గెలుపులో కొంత పక్కవాడి నీళ్లే కావచ్చు. అలాగని వెంటనే నింద వేయకు, వానలు తక్కువైనా బోర్లు ఎండుతాయి. భూగర్భ జల శాఖ పరిశీలన బావుల్లో నెలనెలా నీటిమట్టం కొలుస్తుంది. మండలమంతా మట్టం పడిపోయి ఉంటే కారణం కరువు కావచ్చు. అక్కడ మట్టం నిలకడగా ఉండి, ఈ బోరు చుట్టూ నాలుగైదు చేలే ఎండి ఉంటే కథ వేరు. లెక్క రాసుకోవడం ఊరివాళ్లకు రాని పని అని కూడా అనుకోకు. 2003 తర్వాత ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే పథకంలో ఏడు కరువు జిల్లాల రైతులు తమ బోర్ల నీటిమట్టాన్ని తామే కొలిచి ఊరి గోడల మీద రాసుకున్నారు. ఆ గోడల దగ్గర జరిగే వాదనలు నేను విన్నాను. నీకూ నాకూ తట్టని ప్రశ్నలు వాళ్లు అడిగేవారు.

నువ్వు ఆ తోట చూసింది నవంబరులో, వానలు పడిన వెంటనే. మే నెలలో మళ్లీ వెళ్లి, మధ్యాహ్నం పూట మోటారు వేయించి, ఆ రెండించుల ధార ఎన్ని నిమిషాలు ఆగకుండా వస్తుందో గడియారం పెట్టి చూడు. పక్క చేను రైతును కూడా వెంట తీసుకెళ్లు. అక్కడ ఆయన ఏం మాట్లాడతాడో రాసుకుని, వ్యాసంతో పాటు ఆ కాగితం కూడా నాకు పంపు.

ప్రేమతో,
మీ అన్న