మొదటి వీడియో పెట్టేముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ దగ్గర సంగీతం నేర్చుకునే పిల్లల పాటలను యూట్యూబ్‌లో పెట్టబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు ఎంత సంతోషించానో అంత కంగారుపడ్డాను. మైకు, వెలుతురు సంగతి నీకు నేను చెప్పేదేమీ లేదు. తల్లిదండ్రుల అనుమతి మాత్రం రాతపూర్వకంగా తీసుకో.

నా కంగారంతా వ్యాఖ్యల గురించే. నా మిత్రుడొకరు ఇలాగే తన శిష్యురాలి పాట వీడియోను ఒక ఆన్‌లైన్ వేదికలో పెట్టారు. రోజూ వ్యాఖ్యలు చదివేవారు కానీ పైకి కనిపించేవి మాత్రమే. "గొంతు చాలా బాగుంది" అన్న ఒక మెచ్చుకోలు కింద ముడుచుకుని ఉన్న జవాబులను ఆయన విప్పి చూడలేదు. ఎవడో అక్కడ వీడియోలోని ఒక నిమిషాన్ని పేర్కొని, ఆ అమ్మాయి కూర్చున్న తీరు గురించి రాయరాని మాట రాశాడు; దానికి మరికొందరు వంతపాడారు. చూసినవాళ్లు ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. ఈయనకు తెలిశాక కూడా, ఆ మాటలను తొలగించకుండా అక్కడే బుద్ధి చెబుతూ జవాబు రాశారు, దాంతో గొడవ ఇంకా పెరిగింది. చివరికి ఆ వేదికే వ్యాఖ్యలను మూసివేసింది, మంచివాళ్లు రాసినవి కూడా కనబడకుండా పోయాయి. ఆయన మంచివాడే, కానీ అంత తెలిసిన మనిషి ఆ జవాబులను ఒక్కసారి విప్పి చూడకపోవడం నాకిప్పటికీ కోపం తెప్పిస్తుంది.

పిల్లలు కనిపించే వీడియోల విషయంలో యూట్యూబ్ 2019 నుంచి మరీ కఠినంగా ఉంటోంది, చాలావాటికి వ్యాఖ్యలే ఉండనివ్వదు. నీకు ఆ అవకాశం ఉన్నంతకాలం, యూట్యూబ్ స్టూడియో సెట్టింగ్స్‌లో అన్ని వ్యాఖ్యలనూ పరిశీలనకు నిలిపే ఎంపికను పెట్టుకో. అలా నిలిచినవి నువ్వు ఆమోదించేదాకా ఎవరికీ కనబడవు. అరవై రోజుల వరకే అక్కడ ఉంటాయి కాబట్టి వాయిదా వేయకు. లింకులను ఆపే మీట కూడా అక్కడే ఉంది.

పని పెరిగి ఆ ఎంపికను సడలించిన రోజున నిషిద్ధపదాల జాబితా అక్కరకొస్తుంది. అయితే మనవాళ్లు తిట్టేది ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో. "వెధవ" అని తెలుగులో మాత్రమే చేర్చితే vedhava, vedava, vedhavaa అన్నవి దాటిపోవచ్చు, కనుక ప్రతి మాటకూ నాలుగైదు రూపాలు రాసుకో. ఆమోదిత వినియోగదారుల జాబితాలో మాత్రం చుట్టాలన్న మొహమాటంతో ఎవరినీ చేర్చకు, ఎందుకంటే వాళ్లు రాసేవాటికి ఆ నిషేధం వర్తించదు.

నిషిద్ధపదాల జాబితా రాయడం నీకు చేతకాదని నాకు తెలుసు తల్లీ, ఇంట్లో నిన్ను ఎవరూ అలాంటి మాట అననివ్వలేదు. నువ్వు మొదలుపెట్టి నాకు పంపు. మిగతావి నేను చేరుస్తాను. అవి నాకెలా తెలుసునని మీ అత్తయ్య దగ్గర మాత్రం అడగకు.