రిపోర్టులు దిద్దే ఉద్యోగానికి వెళ్తున్న మా అల్లుడికి

ఒరే అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు విజయనగరంలో ఏదో కన్సల్టెన్సీలో చేరుతున్నావనీ, చెరువుల తనిఖీ రిపోర్టుల్ని నీటి సంఘాల వాళ్లకి అర్థమయ్యే తెలుగులోకి దిద్దే పని నీకు అప్పజెప్పారనీ చెప్పింది. చాలా సంతోషమనిపించింది. ఆ తర్వాత టెన్షన్ కూడా పట్టుకుంది, రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, అందుకే ఫోన్ చెయ్యకుండా కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు "సరే మావయ్యా, సరే" అనేసి పెట్టేస్తావు.

తేలికైన సంగతులు ముందు చెప్పేస్తాను. "గమనించడమైనది", "చేయబడినది", "తెలియజేయడమైనది" లాంటివి కనిపిస్తే తీసెయ్. ఒక వాక్యంలో ఒక్క సంగతే పెట్టు. "యొక్క" చాలాచోట్ల అక్కర్లేదు. ఎఫ్‌టీఎల్ అనే మాట మొదటిసారి వచ్చినప్పుడు, చెరువు నిండినప్పుడు నీరు నిలవాల్సిన మట్టమని ఒక్కసారి చెప్పి తర్వాత దాన్నే వాడు. ఇవన్నీ నీకు వారంలో వచ్చేస్తాయి, వాటి గురించి నాకు బెంగ లేదు.

నా బెంగంతా షరతుల గురించి. అవి ఎప్పుడూ వాక్యం చివర్న, "అయితే", "పక్షంలో", "మించకుండా" అనే చోట నక్కి ఉంటాయి. పొడుగు వాక్యాన్ని చిన్నది చేసేవాడు ముందు కత్తిరించేది ఆ చివరే.

ఇదిగో, ఇలాంటి వాక్యాలు నీ బల్ల మీదికి రోజూ వస్తాయి:

"తనిఖీ సమయమున చెరువు నీటి మట్టము ఎఫ్‌టీఎల్ కంటె 1.2 మీటర్లు దిగువన ఉన్న స్థితిలో, గట్టు దిగువ వాలు అంచున మదుమునకు కుడి వైపున సుమారు 6 మీటర్ల పొడవున స్వల్ప పరిమాణంలో తేటయైన నీటి ఊట గమనించబడినది మరియు తద్వారా గట్టు స్థిరత్వమునకు తక్షణ ప్రమాదము లేదని భావించబడుచున్నది, అయితే నీటి మట్టము పెరిగిన పక్షంలో లేదా ఊటలో మట్టి రేణువులు కనిపించిన పక్షంలో పునఃపరిశీలన చేయబడవలెను."

చదవగానే చిరాకేస్తుంది కదా. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో టెక్కలి వైపు ఒక చెరువు మీద దాదాపు ఇలాంటి వాక్యమే ఒక రిపోర్టులో వెళ్లింది. ఆ చెరువు తనిఖీకి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆఫీసులో ఒకాయన, చదువుకున్న మనిషే, మంచివాడే, రైతులకి తేలిగ్గా ఉండాలనే మంచి ఉద్దేశంతోనే సంఘానికి పంపే కాగితంలో ఇలా మార్చాడు: "గట్టు దగ్గర కొద్దిగా ఊట ఉంది. ప్రమాదం లేదు."

వాక్యం చిన్నదైంది, చక్కగానూ ఉంది. కానీ ఏం పోయిందో ఒక్కొక్కటీ చూడు. నీరు ఎఫ్‌టీఎల్‌కి 1.2 మీటర్లు కిందికి ఉన్నప్పుడు చూసిన మాట పోయింది. ఊట తేటగా ఉందన్న మాట పోయింది, అసలు ప్రాణమంతా అక్కడే ఉంది. మట్టి గట్టులోంచి కాస్త ఊట రావడం మామూలే. తేట నీరు వస్తున్నంతసేపూ మట్టి కదలట్లేదని అర్థం. బురద నీరు వచ్చిందంటే లోపల రేణువులు కొట్టుకుపోతున్నాయన్నమాట, దిగువ అంచు నుంచి గట్టు లోపలికి, చెరువు వైపుకి, సొరంగంలా తొలుచుకుంటూ పోతుంది. చెరువు నీరు పొలాలకి వదిలే మదుము గొట్టం పక్కన మట్టిని సరిగ్గా దిమ్మిస వెయ్యడం కష్టం, కాబట్టి అక్కడి ఊట మీద ఇంకాస్త ఎక్కువ కన్నేసి ఉంచాలి. నీరు పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది, ఊట జోరు పెరుగుతుంది, నిన్నటి తేట ఊట ఇవాళ బురద ఊట కావచ్చు. "తక్షణ" అన్న ఒక్క మాట తీసెయ్యడంతో, ఆ రోజుకి మాత్రమే చెప్పిన మాట ఎప్పటికీ చెప్పినట్టయింది. "భావించబడుచున్నది" పోవడంతో మా అంచనా కాస్తా రుజువైన సంగతిగా మారింది. షరతులు రెండూ మొత్తానికే పోయాయి.

ఆ అక్టోబరులో తుపాను వానలు పడ్డాయి. చెరువు నిండింది. చెరువునీ గట్టునీ కనిపెట్టుకుని ఉండే లస్కరు ఊట రంగు మారడం పొద్దున్నే చూశాడు, చూసి కూడా ఊరుకున్నాడు, ఎందుకంటే ప్రమాదం లేదని కాగితం ఉంది కదా, ఇంజినీర్లే రాశారు కదా. సాయంత్రం నీరు అంచు దగ్గర ఉబికి పైకి రావడం మొదలయ్యాక మాకు కబురొచ్చింది. చీకట్లో వానలో ఊట చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, లోపల ముందు ఇసుక, దాని మీద చిన్న కంకర, దాని మీద రాళ్లు పోయించాం, నీరు బయటికి వెళ్లాలి గానీ మట్టి వెళ్లకూడదు కదా. ఊటని పూర్తిగా బిగించేస్తే అది ఇంకోచోట దారి వెతుక్కుంటుంది. మదుము తెరిచి మట్టం దించాం. గట్టు నిలిచింది. కానీ దించిన నీరు పోయింది, చివరి ఆయకట్టులో పొట్ట మీదున్న వరికి ఆఖరి తడి అందలేదు. ఆ రైతులు నన్నేమీ అనలేదు, అన్నా బాగుండేది.

అందుకే నీకు ఇంత గట్టిగా చెప్తున్నాను. ఆ పొడుగు వాక్యాన్ని దిద్దొద్దని నేననడం లేదు, ఒరిజినల్ ఇచ్చినా రైతు దాన్ని పూర్తిగా చదివేవాడు కాదు. దిద్దాల్సిందే. ఎలాగో చూడు:

"మేము చూసిన రోజు చెరువు నీరు ఎఫ్‌టీఎల్ కంటే 1.2 మీటర్లు కిందికి ఉంది. మదుముకు కుడివైపు, గట్టు దిగువ అంచున, సుమారు 6 మీటర్ల పొడవునా కొద్దిగా ఊట వస్తోంది. ఊట నీరు తేటగా ఉంది. గట్టుకు వెంటనే ప్రమాదం లేదని మా అంచనా. నీటి మట్టం పెరిగినా, ఊటలో మట్టి కనిపించినా మళ్లీ తనిఖీ చెయ్యాలి."

అయిదు చిన్న వాక్యాలు. సంగతి ఒక్కటీ పోలేదు. చివరి వాక్యం మళ్లీ చూడు. "పెరిగినా, కనిపించినా" అన్నాను. నువ్వు తొందర్లో "నీరు పెరిగి ఊటలో మట్టి కనిపిస్తే" అని రాశావనుకో, వినడానికి ఒకేలా ఉంటుంది, కానీ రెండూ కలిసి జరిగితేనే కబురు చెయ్యాలని అర్థమైపోతుంది. "లేదా" కాస్తా "మరియు" అయిపోతుంది. నీరు పెరగకుండానే బురద ఊట వస్తే లస్కరు మళ్లీ ఊరుకుంటాడు. ఇలాంటి తప్పు వ్యాకరణంలో కనబడదు, ఎవరూ ఎర్ర ఇంకు పెట్టరు.

ఇంకో సంగతి. నేను దిద్దిన దాంట్లో "తద్వారా" ఎక్కడా లేదు, చూశావా? ఊట కనిపించింది, తద్వారా ప్రమాదం లేదు, ఇదేం తర్కం? ఊట కొద్దిగానే ఉంది, తేటగా ఉంది, కాబట్టి ప్రమాదం లేదని ఇంజినీరు ఉద్దేశం అయ్యుండొచ్చు. కానీ ఆ "కాబట్టి"ని నువ్వు కల్పించి రాయకూడదు. ఆయన్ని అడుగు. పొడుగు వాక్యాన్ని విడగొడితే ఇలాంటి అతుకులు బయటపడతాయి, అవి బయటపడటమే నీ పనిలో సగం లాభం. అలాగే "చేయబడవలెను" అన్నాడు, ఎవరు చెయ్యాలి? నేనూ "చెయ్యాలి" అనే వదిలేశాను, ఎందుకంటే ఒరిజినల్‌లో మనిషి లేడు. లస్కరా, ఏఈనా, సంఘం అధ్యక్షుడా? నీకు తోచిన పేరు పెట్టావంటే, రేపు ఆ మనిషికి లేని బాధ్యత కాగితం మీద తగిలించినట్టే. పెట్టకపోతే ఎవరూ వెళ్లరు. మార్జిన్‌లో "ఎవరు? ఎన్ని రోజుల్లో? మట్టం ఎంత పెరిగితే?" అని పెన్సిల్‌తో రాసి వెనక్కి పంపు. "గమనించబడినది" చోట నేను "మేము చూసిన" అని పెట్టాను, అది ఆ చెరువుకి చెల్లింది, ఎందుకంటే మేమే చూశాం. నీ రిపోర్టులో ఇంజినీరు కళ్లారా చూశాడో, ఎవరైనా చెప్తే రాశాడో తెలియకుండా "మేము" పెట్టకు. విసుక్కుంటారు, విసుక్కోనీ. చేరిన కొత్తలో ఇంత అడుగుతున్నాడేంటి అంటారు. చిన్నప్పుడు మా ఇంటికొచ్చి అది ఎందుకు, ఇది ఎందుకు అని ప్రాణం తీసేవాడివి, అప్పుడు కసురుకున్నాను గానీ, ఆ అలవాటు మాత్రం మానుకోకు.

మాట మార్చడంలోనూ ఒక జాగ్రత్త ఉంది. బళ్లో తెలుగు మాస్టారు వాడిన మాటే మళ్లీ మళ్లీ వాడొద్దని నేర్పుతారు, ఇక్కడ అది పనికిరాదు. ఊట అన్నావా, చివరిదాకా ఊటే. ఒకచోట ఊట, ఇంకోచోట లీకు అంటే, చదివేవాడు మదుము షట్టరు కారుతోందనుకుంటాడు, దానికి వైద్యం వేరు. కొన్ని మాటలు పొడుగ్గా కనిపించినా పలచన చెయ్యడానికి వీల్లేదు. "ప్రొక్టర్ పరీక్షలో వచ్చిన గరిష్ఠ పొడి సాంద్రతలో 95 శాతానికి తగ్గకుండా" అన్నదాన్ని "మట్టిని 95 శాతం దిమ్మిస వెయ్యాలి" అన్నావనుకో, దేంట్లో 95 శాతం? సైట్లో ఎవడికి తోచిన లెక్క వాడిది. దాన్ని కావాలంటే రెండు వాక్యాలు చెయ్: "దిమ్మిస వేసిన మట్టి పొడి సాంద్రత కొలవాలి. అది ప్రొక్టర్ పరీక్షలో వచ్చిన గరిష్ఠ పొడి సాంద్రతలో 95 శాతానికి తగ్గకూడదు." ఇందులో కొన్ని మాటలు పెరిగాయి కూడా, ఏం ఫరవాలేదు.

పని చేసే పద్ధతి చెప్తాను. దిద్దబోయే ముందు ఒరిజినల్ మీద పెన్సిల్‌తో అంకెలన్నిటికీ, వాటి పక్కన కొలమానాలకీ, "సుమారు, కనీసం, మించకుండా, లేదా, అయితే, పక్షంలో, తక్షణ" లాంటి మాటలకీ సున్నాలు చుట్టు. దిద్దాక ఒక్కో సున్నా దగ్గరికీ వెళ్లి, అది కొత్తదాంట్లో ఎక్కడుందో వేలు పెట్టి చూపించుకో. చూపించలేకపోతే ఆ వాక్యం మళ్లీ రాయి. తర్వాత ఒరిజినల్ పక్కన పెట్టేసి, కొత్తది ఒక్కటే ఇంజినీరుకి చదివి వినిపించు, "సార్, ఇది చదివిన రైతు ఎప్పుడు మీకు ఫోన్ చేస్తాడు?" అని అడుగు. ఆయన చెప్పిన జవాబు కాగితంలో ఉన్నదానికి తేడాగా ఉంటే, ఎక్కడో జారిందన్నమాట. "బాగుందా సార్" అని మాత్రం అడక్కు, బాగుందనే అంటారు.

సాయంత్రం అలసిపోయి ఉన్నప్పుడు ఇలాంటి పేరాలు ముట్టుకోకు. వేళకి తిను. విజయనగరంలో రూము దొరికేదాకా మీ పిన్ని వాళ్లింట్లో ఉండు, మొహమాటపడకు.

మొదటి నెలలో దిద్దిన రిపోర్టు ఒకటి, ఆఫీసువాళ్లు ఒప్పుకుంటే, చెరువు పేరూ ఊరి పేరూ కొట్టేసి, పాతదీ కొత్తదీ రెండు కాపీలూ పట్టుకుని ఏ ఆదివారమైనా శ్రీకాకుళం రా. అరసవిల్లిలో దర్శనం చేసుకుని ఇంటికొచ్చెయ్, ఇద్దరం కూర్చుని సున్నాలు చుడదాం. మీ అత్త అప్పుడే నువ్వు ఎప్పుడొస్తావని అడుగుతోంది. బస్సెక్కే ముందు ఫోన్ చెయ్.

మీ మావయ్య