సమాధానం: అనుభవం మార్కుల లోటును పూడుస్తుందా?

«కడప దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో 8 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మొదటి 3 ఏళ్లు డిప్లొమాతోనే, ఆ తర్వాతే బి.టెక్ పూర్తయింది. ఇప్పుడు ఉద్యోగస్తుల కోర్సులో చేరాలనుకుంటున్నాను, కానీ ప్రవేశ పరీక్ష మార్కులు ఓ మోస్తరే. అనుభవం ఆదుకుంటుందా సార్?»

ఆదుకుంటుంది, కానీ కనీస మార్కుల గడప దాటాకే. ఏదైనా విభాగంలో కటాఫ్ ఉండి, మీరు అక్కడ తప్పితే, ఎన్నేళ్ల అనుభవమైనా లెక్కలోకి రాదు. ఇక ఉద్యోగస్తుల కోర్సుల్లో చాలావరకు డిగ్రీ తర్వాతి పూర్తికాల ఉద్యోగాన్నే, ప్రకటనలో చెప్పిన తేదీ వరకు లెక్కిస్తారు కనుక, మీ 8 ఏళ్లు అక్కడ 5 ఏళ్లే అవుతాయి; 5 ఏళ్లు తప్పనిసరి అన్నచోట ఒక్క నెల తగ్గినా చిక్కే.

తూకం సంస్థను బట్టి మారుతుంది. పరీక్షకు 30, అనుభవానికి 30, ఇంటర్వ్యూకు 40 అనుకుందాం. మీకు వరుసగా 15, 20, 30 వస్తే మొత్తం 65; పరీక్షలో 24 తెచ్చుకున్న కొత్త ఉద్యోగికి మిగతా రెంటిలో 12, 24 వస్తే 60 మాత్రమే. అయితే అనుభవానికి వచ్చే ఆ 20 మార్కులు ఎన్నేళ్లు పనిచేశారన్న దానికి మాత్రమే రావు, బాధ్యత పెరిగిందా అని కూడా చూస్తారు. కాబట్టి ఇంటర్వ్యూలో «కిల్న్ విభాగం చూశాను» అనకుండా, ఎంతమందిని నడిపారో, ఏ యంత్రం ఆగిపోయే సమయాన్ని ఎన్ని గంటలు తగ్గించారో చెప్పండి.