ధర పెంచే ముందు మిగిలిన ఇడ్లీలు లెక్కపెట్టండి

ప్రశ్న: మాది పర్లాకిమిడిలో చిన్న టిఫిన్ హోటల్. ఇడ్లీ ప్లేటు 30 రూపాయలు. సరుకు ఖర్చు ప్లేటుకు 12 పడుతోంది, అంటే 40 శాతమే. అయినా నెలాఖరుకు ఏమీ మిగలట్లేదు. ధర పెంచాలా? రోజూ పారేసేది ఫోన్‌లో గూగుల్ షీట్స్‌లో ఎలా రాసుకోవాలి?

జవాబు: ఆ 12 రూపాయలు వండిన ప్లేట్ల మీద వేసిన లెక్క అయి ఉంటుంది. పిండి, చట్నీ, సాంబారు అన్నిటికీ కలిపి 600 పెట్టి 50 ప్లేట్లు వండారనుకోండి. 42 అమ్ముడై 8 మిగిలితే ఆ 600 మొత్తం 42 ప్లేట్ల మీదే పడుతుంది. అప్పుడు ప్లేటుకు 14 రూపాయల పైచిలుకు, అంటే దాదాపు 48 శాతం. గ్యాస్, జీతాలు, అద్దె మిగతా 52 శాతంలోంచే రావాలి.

షీట్‌లో ఐటంకు రోజూ ఒక వరస చాలు. A తేదీ, B ఐటం, C వండినవి, D అమ్మినవి, E సరుకు ఖర్చు, F ధర, G మిగలడానికి కారణం. H2లో మొదటి ఫార్ములా, I2లో రెండోది పెట్టి, వాటిని కాపీ చేసి కింది వరసల్లో పేస్ట్ చేయండి. H కాలమ్‌కు పర్సెంట్ ఫార్మాట్ ఇవ్వండి.

```
=IFERROR(E2/(D2*F2),"")
=IFERROR(E2/D2/0.4,"")
```

మొదటిది అసలు ఖర్చు శాతం. రెండోది 40 శాతం నిలవాలంటే ఉండాల్సిన ధర. పై లెక్కకు అది దాదాపు 36 రూపాయలు వస్తుంది. కానీ వెంటనే పెంచకండి. 50కి బదులు 45 ప్లేట్లే వండితే ఖర్చు సుమారు 540, అవే 42 అమ్మితే 43 శాతానికి దిగుతుంది. అప్పుడు 32 రూపాయలు చాలు. మన పొరపాటు అంచనాకు కొనేవాళ్ల చేత డబ్బు కట్టించడం నాకు సబబుగా తోచదు.

కారణం కాలమ్ బద్ధకించకుండా నింపండి. గిన్నెలో మిగిలిన చట్నీ ఎక్కువ చేయడం వల్ల, ప్లేట్లలో మిగిలింది ఎక్కువ వడ్డించడం వల్ల. ఈ రెండింటినీ వేర్వేరుగా కాటాలో తూచి గ్రాముల్లో రాయండి. రెండోదానికి మందు చిన్న గరిటె. పనివాళ్లు తిన్నవి పారేసినట్టు రాయకండి, 'సిబ్బంది' అని వేరే పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వాడే పిండి వృథా కాదు, దాని ఖర్చును మర్నాటి వరసలోకి మార్చండి.

ఒకరు తెలుగులో, ఇంకొకరు ఒడియాలో ఐటం పేరు రాస్తే షీట్ రెండు ఐటంలుగా లెక్కేస్తుంది. కంప్యూటర్‌లో ఒకసారి Data మెనూలో Data validation తెరిచి డ్రాప్‌డౌన్ పెడితే ఆ టెన్షన్ ఉండదు.

ఎంత వండాలో తేల్చేటప్పుడు సంత రోజును మామూలు రోజులతో కలిపి సగటు తీయకండి, సోమవారానికి పాత సోమవారాలే చూడండి, మిగతా రోజులకూ అంతే. వండినవన్నీ అయిపోయిన రోజున ఎన్ని గంటలకు అయిపోయాయో G కాలమ్‌లోనే రాయండి. ఎనిమిదింటికే అయిపోతే ఆ రోజు అసలు గిరాకీ 45 కాదు, ఇంకా ఎక్కువ.